మూలికల డబ్బాలో దాగిన మాత్ర: లైంగిక శక్తి మందులపై ఒక సమీక్ష

బస్టాండు గోడల మీదా రైలు పట్టాల పక్క ప్రహరీల మీదా ‘రహస్య వ్యాధులకు శాశ్వత చికిత్స’ అన్న రాతలు తరాలుగా చూస్తున్నాం. సంతల్లో, కూడళ్లలో గుడారం వేసి శిలాజిత్తు అమ్మేవారినీ చూస్తున్నాం. ఇప్పుడు ఆ మాటలే ఫోను తెర మీదికి ఎక్కాయి. ‘వంద శాతం మూలికలు, అరగంటలో ఫలితం, పేరు లేని ప్యాకింగులో ఇంటికే’ అని ఊరిస్తున్నాయి. మరోపక్క మందుల షాపులో చీటీ అడగకుండానే సిల్డెనాఫిల్ మాత్ర చేతిలో పెడుతున్నారు.

వీటిపై వాదన చాలాకాలంగా నడుస్తూ చిక్కుపడిపోయింది. ఇది అల్లోపతికీ ఆయుర్వేదానికీ మధ్య పోటీ అని కొందరంటారు. నీతికి సంబంధించిన విషయమని కొందరు, పెద్దవాడైన మనిషి సొంత ఇష్టమని ఇంకొందరు అంటారు. ఈ వాదాలన్నీ దాటేసే ప్రశ్నలు రెండున్నాయి. మింగుతున్న దానిలో ఏముందో కొన్నవాడికి తెలుసా? మింగేవాడి ఒంట్లో ఏ జబ్బుందో, అతను ఏ మందులు వాడుతున్నాడో అమ్మినవాడు అడిగాడా? ఈ సమీక్ష ఆ రెండు ప్రశ్నల వెంటే నడుస్తుంది.

## ఇక్కడిదాకా ఎలా వచ్చాం

లైంగిక శక్తి కోసం మందు వెతకడం కొత్త కాదు. ఆయుర్వేదం చెప్పే ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. చరక సంహిత చికిత్సాస్థానంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. పెన్నేరు గడ్డగా మనకు తెలిసిన అశ్వగంధ, దూలగొండి గింజలు, పల్లేరు కాయలు, సఫేద్ ముస్లీ ఈ సంప్రదాయంలో వాడుకలో ఉన్నవే. అయితే ఆ సంప్రదాయంలో మందు ఒంటరిగా రాదు. వైద్యుడు మనిషిని చూస్తాడు, ఒంటిని శుద్ధి చేయిస్తాడు, పథ్యం చెబుతాడు, మందు ఆ తర్వాతే. బజారు సీసాలో మందు మాత్రమే మిగిలింది, చూసే వైద్యుడు లేడు.

ఈ వ్యాపారం ఎంత పాతదో చెప్పడానికి మన చట్టమే సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్లకే, 1954లో, ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం వచ్చింది. లైంగిక సుఖానికి కావలసిన సామర్థ్యాన్ని నిలబెడతామని, పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని ఆ చట్టం నిషేధించింది. పత్రికలో వచ్చేదే కాదు, సీసా మీది లేబులూ పై కవరూ కూడా దాని లెక్కలో ప్రకటనే. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ తర్వాత ఏడాది వరకు జైలు. 2020లో శిక్షలను బాగా పెంచుతూ కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. గోడ రాతలు మాత్రం అలాగే ఉన్నాయి.

అసలు మలుపు 1998 మార్చిలో వచ్చింది. గుండెనొప్పికి పనికొస్తుందేమోనని ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ శాస్త్రవేత్తలు పరీక్షించిన సిల్డెనాఫిల్ అనే పదార్థం గుండెకు అంతగా ఉపయోగపడలేదు గానీ, మందు వేసుకున్న మగవారిలో అంగస్తంభన బాగా జరుగుతోందని బయటపడింది. అదే వయాగ్రా పేరుతో అమెరికాలో అనుమతి పొందింది. 2003లో టడలాఫిల్, వార్డెనాఫిల్ తోడయ్యాయి. మన దేశంలో అప్పటి పేటెంటు చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికి మాత్రమే హక్కు ఇచ్చేది. దాంతో 2001 నాటికే దేశీ కంపెనీలు తమ పేర్లతో సిల్డెనాఫిల్‌ను చౌకగా తెచ్చేశాయి.

ఈ చౌకదనమే రెండో కథకు బీజం వేసింది. అంతవరకు మూలికల డబ్బాలో మూలికలో, పిండో, పంచదారో ఉండేవి. పనిచేయకపోతే పోయేది డబ్బులే. నిజంగా పనిచేసే రసాయనం కారుచౌకగా దొరికాక, దాన్ని మూలికల పొడిలో రహస్యంగా కలిపి ‘మా మూలిక పనిచేస్తుంది’ అని నమ్మించే దారి తెరుచుకుంది. డబ్బుకు పరిమితమైన మోసం ప్రాణాలకు పాకింది ఇక్కడే.

## మాత్ర పనిచేసే తీరు, ప్రమాదం పొంచి ఉన్న చోటు

అంగస్తంభన అంటే రక్తనాళాలు సడలి, రక్తం నిండటం. కోరిక కలిగినప్పుడు నరాల చివరల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని వల్ల సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం తయారై రక్తనాళాల గోడలను సడలిస్తుంది. పని అయ్యాక ఆ పదార్థాన్ని పీడీఈ-5 అనే ఎంజైము విరిచేస్తుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది, అందువల్ల సడలింపు ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి ఈ మాత్ర కోరికను పుట్టించదు, వీర్యాన్ని పెంచదు. ఉన్న స్పందనను నిలబెడుతుంది, అంతే.

ఆ సడలింపు ఒక్కచోటే జరగదు. ఒళ్లంతా కొద్దిగా జరుగుతుంది. ఆరోగ్యవంతుడిలో రక్తపోటు పై అంకె సుమారు ఎనిమిది, పది పాయింట్లు తగ్గుతుంది. ముఖం ఎర్రబారడం, తలనొప్పి, ముక్కు దిబ్బడ వస్తాయి. చాలామంది దీన్ని ఇబ్బంది లేకుండానే తట్టుకుంటారు. పాతికేళ్లకు పైగా డాక్టర్ల పర్యవేక్షణలో వాడిన ఈ మందు, సరైన మనిషికి సరైన మోతాదులో ఇస్తే భద్రమైనదేనన్నది వైద్యుల్లో పెద్దగా వివాదం లేని మాట.

సరైన మనిషి కానివాడు ఎవరు? అందరికన్నా ముందు, నైట్రేట్లు వాడే గుండె రోగి. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్ర, అంటే మన ఇళ్లలో సార్బిట్రేట్ పేరుతో పర్సుల్లో ఉండేది, ఇదే దారిని మరో చివర నుంచి తెరుస్తుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను పోస్తుంది, సిల్డెనాఫిల్ దాని ఫలితం విరిగిపోకుండా ఆపుతుంది. ఒకటి కుళాయి విప్పితే ఇంకొకటి తూము మూసినట్టు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా కూలుతుంది. అప్పటికే పూడికలున్న గుండె నాళాలకు రక్తం అందదు. అందుకే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు నైట్రేట్లు ఇవ్వకూడదన్నది గుండె వైద్యుల నియమం.

ఈ నియమం బజారు మందు దగ్గర ఎలా విఫలమవుతుందో ఒక ఊహా సందర్భంలో చూద్దాం. అరవై ఏళ్ల మనిషి. షుగరు, బీపీ ఉన్నాయి. డాక్టరు సిల్డెనాఫిల్ వద్దన్నారు. ‘మూలికలే కదా, గుండెకు ఏం కాదు’ అన్న హామీతో ఆన్‌లైనులో ఒక క్యాప్సూల్ తెప్పించుకున్నాడు. అందులో సిల్డెనాఫిల్ కలిపి ఉంది, లేబులు మీద మాత్రం లేదు. ఆ రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు అడగవలసిన ప్రశ్నే అడిగారు: ‘వయాగ్రా లాంటి మాత్రలేమైనా వేసుకున్నారా?’ ఆయన నిజమే చెప్పాడు: ‘లేదు.’ డాక్టరు నైట్రేట్ ఇచ్చారు. ఇక్కడ రోగి అబద్ధమాడలేదు, డాక్టరు పొరబడలేదు. ప్రాణం మీదికి తెచ్చింది లేబులు. ఇంగ్లిషు మాత్ర పడనివాళ్లు మూలికలవైపు మళ్లుతారు కాబట్టి, దాచిన సిల్డెనాఫిల్ సరిగ్గా ఎవరికి చేరకూడదో వారికే చేరుతుంది.

నైట్రేట్లతో పాటు జాగ్రత్త పడవలసిన జంటలు ఇంకా ఉన్నాయి. ప్రోస్టేటు వాపుకు వాడే టామ్సులోసిన్ వంటి మందులతో కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇన్‌ఫెక్షన్లకు వాడే క్లారిత్రోమైసిన్ వంటివి సిల్డెనాఫిల్‌ను కాలేయం తొందరగా విరగగొట్టకుండా చేస్తాయి, దాంతో చిన్న మోతాదే పెద్దదైపోతుంది. అరవై అయిదు దాటినవారికి, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డాక్టర్లు 25 మిల్లీగ్రాములతోనే మొదలుపెడతారు. రోజులో 100 మిల్లీగ్రాములు మించకూడదు. ఎంత ఉందో రాయని డబ్బా విషయంలో ఈ లెక్కలేవీ పనిచేయవు.

## మూలికల డబ్బాలో ఏం దొరికింది

ఈ కల్తీ ఎంత విస్తారమో చెప్పే లెక్కల్లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. 2007 నుంచి 2016 వరకు ‘పోషక పదార్థం’ పేరుతో అమ్మి, లోపల దాచిన మందుతో దొరికిన ఉత్పత్తులు 776. వాటిలో 353 లైంగిక శక్తి కోసం అమ్మినవి. వాటిలో దాదాపు సగంలో, అంటే 166లో, దొరికింది సిల్డెనాఫిలే. హెచ్చరించాక కూడా సగానికి తక్కువ ఉత్పత్తులనే కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. అవి బజారు మొత్తం నుంచి లాటరీ తీసినట్టు ఎంచిన నమూనాలు కావు. అనుమానం వచ్చి పరీక్షిస్తే దొరికినవి. కాబట్టి ‘మూలికా మందుల్లో సగం కల్తీ’ అని దీన్నుంచి చెప్పడం తప్పు. ‘కల్తీ అన్నది అరుదైన వింత కాదు’ అని చెప్పడం మాత్రం న్యాయమే.

అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి సిల్డెనాఫిల్ తోబుట్టువులది. సిల్డెనాఫిల్ అణువులో ఒక మూలను కాస్త మార్చి హోమోసిల్డెనాఫిల్, అసిటిల్డెనాఫిల్ వంటి పదార్థాలను తయారుచేసి కలుపుతున్నారు. సిల్డెనాఫిల్‌ను వెతికే మామూలు పరీక్షకు ఇవి చిక్కకుండా తప్పించుకోగలవు. అసలు మందును వేలమంది మీద పరీక్షించి మోతాదు తేల్చారు. ఈ మారు అణువులకు అలాంటి పరీక్ష జరగలేదు. ఒంట్లో ఎంతసేపు ఉంటాయో, ఏ మందుతో పడవో చెప్పే ఆధారం లేదు.

పరీక్షశాల లేకుండా అనుమానించడానికి మామూలు మనిషికి ఒక ఆనవాలుంది. మూలిక ఏదైనా అరగంట, గంటలో స్తంభన తెప్పించదు. శాస్త్రం చెప్పే వాజీకరణం కూడా రోజుల తరబడి పథ్యంతో సాగేదే. క్యాప్సూల్ వేసుకున్న గంటలో ఫలితం కనిపించి, దాంతోపాటు ముఖం వేడెక్కి, తలనొప్పి, ముక్కు దిబ్బడ వచ్చి, చూపులో నీలిఛాయ తగిలితే అది సిల్డెనాఫిల్ రకం మందు చేసే పనే. మర్నాడు నడుమూ కండరాలూ నొప్పులు పెడితే టడలాఫిల్‌ను అనుమానించాలి. అంటే ‘బాగా పనిచేసింది’ అని స్నేహితుడు చెప్పే మాట ఇక్కడ భరోసా కాదు, హెచ్చరిక.

## సింగపూర్, 2008

కలిపింది సిల్డెనాఫిల్ ఒక్కటే అయితే ప్రమాదానికి ఒక హద్దయినా ఉండేది. ఆ హద్దు కూడా లేదని సింగపూర్‌లో బయటపడింది.

2008 జనవరి ఒకటి నుంచి మే 26 వరకు అక్కడి ఐదు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 150 మంది రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చేరారు. వారెవరికీ మధుమేహం లేదు. చెమటలు, వణుకు, తికమక మాటలు, మూర్ఛ, కోమా. గ్లూకోజు ఎక్కిస్తే తేరుకున్నట్టే తేరుకుని మళ్లీ పడిపోయేవారు. షుగరు రోగి కానివాడిలో ఇలా జరిగితే డాక్టర్ల అనుమానం రెండు దిక్కులకు వెళుతుంది. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ విడుదల చేసే గడ్డ ఉండాలి, లేదా తెలిసో తెలియకో షుగరు మాత్ర కడుపులోకి వెళ్లి ఉండాలి. ఒకే ఊళ్లో కొద్ది నెలల్లో ఇంతమందికి గడ్డలు రావు.

పరీక్షల్లో దొరికింది గ్లిబెన్‌క్లమైడ్, షుగరు రోగులకు ఇచ్చే పాత మాత్ర. అది రక్తంలో చక్కెర ఎంతుందో చూడకుండా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. దాని ప్రభావం ఒక రోజంతా నిలవగలదు. రోగులు మళ్లీ మళ్లీ పడిపోవడానికి కారణం అదే. 45 మంది తాము లైంగిక శక్తి మందు వేసుకున్నామని ఒప్పుకున్నారు. ఆ మందులు నాలుగు రకాలు. ఒకటి నకిలీ టడలాఫిల్ మాత్ర, మిగిలిన మూడూ మూలికా ఉత్పత్తులు. నాలుగింటిలోనూ గ్లిబెన్‌క్లమైడ్ ఉంది. ఏడుగురు కోమాలోంచి తేరుకోలేదు, వారిలో నలుగురు చనిపోయారు.

ఈ సంఘటనలో గమనించవలసినవి రెండు. నకిలీ ఇంగ్లిషు మాత్ర, మూలికల గుళిక ఒకే విషాన్ని మోశాయి. పెట్టె మీది పేరును బట్టి ఇది అల్లోపతి, ఇది ఆయుర్వేదం అని విడదీసే వాదన బజారు సరుకు దగ్గర అర్థం కోల్పోతుంది. రెండోది, 150 మందిలో ముప్పై శాతమే నోరు విప్పారు. మెదడుకు చక్కెర అందని ప్రతి నిమిషమూ లెక్కే అయినప్పుడు, సిగ్గు కొద్దీ దాచిన సమాచారం చికిత్సను ఆలస్యం చేస్తుంది. దొంగచాటుగా కొన్న మందు గురించి డాక్టరుకు చెప్పడానికీ మనిషి జంకుతాడు. ఈ వ్యాపారానికి రహస్యమే పెట్టుబడి, ఆ రహస్యమే రోగికి ఉరి.

## ఆన్‌లైన్ బజారు

గోడ మీది రాతకు కనీసం ఒక చిరునామా ఉంటుంది. వెబ్‌సైటుకు అదీ ఉండదు. 2011లో ‘వయాగ్రా కొనండి’ అని వెతికితే పైన కనిపించిన 22 సైట్ల నుంచి మాత్రలు తెప్పించి పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. 17 సైట్లు నకిలీవి పంపాయి. నకిలీలలో అసలు మందు లేబులు మీద రాసినదానిలో ముప్పై నుంచి యాభై శాతం మాత్రమే ఉంది. ఈ పరిశోధన చేసింది ఫైజర్ కంపెనీ వారే, నకిలీలను ఎండగట్టడం వారి వ్యాపార ప్రయోజనం కూడా. ఆ సంగతి గుర్తుంచుకునే దీన్ని చదవాలి.

మందు తక్కువ ఉంటే ప్రమాదం తగ్గుతుంది కదా అనుకోవచ్చు. కానీ సగం మందున్న నకిలీకి అలవాటు పడిన మనిషి రెండేసి వేసుకోవడం మొదలుపెడతాడు. ఏదో ఒకరోజు అసలు మాత్ర చేతికొస్తే అదే లెక్కన రెట్టింపు మోతాదు మింగుతాడు.

మన దేశంలో ఆన్‌లైన్ మందుల అమ్మకానికి 2018 ఆగస్టులో కేంద్రం ముసాయిదా నియమాలు ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, వ్యాపారం విస్తరించింది, ముసాయిదా మాత్రం తుది నియమంగా మారలేదు. విదేశాల్లోని తెలుగువారికి మరో చిక్కుంది. మన దేశంలో లైసెన్సుతో తయారైన సిల్డెనాఫిల్ రకాలు కొన్నిటికి బ్రిటన్ వంటి చోట్ల అనుమతి లేదు. ఆ పేర్లతో అక్కడ చేతులు మారే సరుకు ఎక్కడిదో, లోపల ఏముందో పూచీ పడేవారు లేరు.

## మూడు వాదాలు

ఈ విషయంపై ఆలోచించేవారిని స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు.

మొదటిది చీటీ తప్పనిసరి అనే వాదం. మన చట్టం ఈ పక్షమే. సిల్డెనాఫిల్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ వాదానికి గట్టి ఆధారం మందు వల్ల వచ్చే ప్రమాదం ఒక్కటే కాదు. స్తంభన లోపమే అసలు జబ్బుకు ముందస్తు గంట కావచ్చు. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు ఒకటి, రెండు మిల్లీమీటర్ల వెడల్పువి. గుండె నాళాలు మూడు, నాలుగు మిల్లీమీటర్లవి. కొవ్వు పేరుకోవడం మొదలైతే సన్నని నాళంలో ముందు తెలుస్తుంది. గుండె రోగుల్లో చాలామందికి ఛాతీనొప్పి రావడానికి రెండు మూడేళ్ల ముందే స్తంభన లోపం కనిపించిందని మోంటోర్సీ బృందం ఇటలీలో చేసిన అధ్యయనాలు చూపాయి. షుగరు ఉన్నట్టు తెలియని మనిషికి కూడా ఇదే మొదటి లక్షణం కావచ్చు. చీటీ లేని మాత్ర ఆ గంట మోగకుండా నోరు నొక్కేస్తుంది. ఈ వాదానికున్న బలహీనత ఆచరణ. నియమం కాగితం మీద ఉంది, కౌంటరు దగ్గర లేదు.

రెండోది ఫార్మసిస్టు చేతికివ్వండి అనే వాదం. జనం డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి నకిలీల వైపు పోతున్నారు, కాబట్టి శిక్షణ పొందిన ఫార్మసిస్టు ప్రశ్నలడిగి ఇవ్వవచ్చంటుంది. న్యూజిలాండ్ 2014లో ఈ దారి పట్టింది. బ్రిటన్ 2017 నవంబరులో 50 మిల్లీగ్రాముల వయాగ్రాను ఈ పద్ధతిలోకి మార్చింది. అక్కడ ఫార్మసిస్టు గుండెజబ్బు గురించీ నైట్రేట్ల గురించీ అడుగుతాడు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడుగుతాడు. పనికిరాదనుకుంటే ఇవ్వడు, ఇచ్చినా ఆరు నెలల్లోపు డాక్టరును కలవమంటాడు. దీన్ని మన దగ్గరి పరిస్థితితో పోల్చేవారు ఒకటి మరిచిపోతారు. అక్కడ చీటీ తీసేశారు గానీ ప్రశ్నలు తీసేయలేదు. మన దగ్గర చీటీ ఉన్నట్టే ఉంది, ప్రశ్నలు లేవు.

మూడోది సంప్రదాయ వైద్యాన్ని వేరుగా చూడండి అనే వాదం. శతాబ్దాలుగా వాడుతున్న మూలికలను రసాయన మాత్రలతో సమానంగా అనుమానించడం అన్యాయమంటుంది. ఇందులో న్యాయం కొంత ఉంది. కల్తీ ఆయుర్వేదం తప్పు కాదు, అది ఆయుర్వేదానికి కూడా జరిగిన మోసం. కానీ ‘మూలిక కాబట్టి హాని లేదు’ అన్న మాట ఆయుర్వేదమూ అనలేదు. వసనాభి, ఉమ్మెత్త, విషముష్టి వంటి వాటిని శుద్ధి చేయకుండా వాడకూడదని శాస్త్రమే చెబుతుంది. అవి ఉన్న మందు మీద వైద్యుని పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉండాలని మన ఔషధ నియమాలూ చెబుతాయి. కామినీ విద్రావణ రసం అనే మందులో నల్లమందు ఉంటుంది. ఆస్ట్రేలియాలో ‘కామినీ’ గుళికలకు అలవాటు పడినవారికి నల్లమందు వ్యసనానికి చేసే చికిత్సే చేయవలసి వచ్చింది. లోహాల సంగతీ ఉంది. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయి. రసశాస్త్ర మందుల్లో ఆ వంతు రెట్టింపు. అవి అన్ని రకాల జబ్బులకు అమ్మే ఉత్పత్తులు, లైంగిక శక్తివి మాత్రమే కావు.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. మొదటి వాదం రోగిని బాగా చూస్తుంది, కానీ అతని సిగ్గును లెక్కలోకి తీసుకోదు. రెండోది సిగ్గును గుర్తిస్తుంది, కానీ ప్రశ్నలడిగే ఫార్మసిస్టు కౌంటరు వెనక నిజంగా ఉంటేనే పనిచేస్తుంది. మూడోది సంప్రదాయాన్ని గౌరవిస్తుంది, కానీ సంప్రదాయం అడిగే వైద్యుణ్ణి వదిలేసి సీసాను మాత్రమే కాపాడితే తన పునాదినే పోగొట్టుకుంటుంది. ముగ్గురూ ఒప్పుకునేది ఒకటుంది: లోపల ఏముందో చెప్పని గుళికను, ఏమీ అడగని మనిషి దగ్గర కొనడం ఏ వైద్యమూ కాదు.

## ఇంకా తేలనివి

మూలికల అసలు బలమెంత? కల్తీ లేని జిన్సెంగ్ మీద జరిగిన ప్రయోగాలను 2021లో కోక్రేన్ సమీక్ష కలిపి చూసింది. స్తంభనపై దాని ప్రభావం ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే చాలా స్వల్పమేనని, ఆ ఆధారం కూడా బలహీనమేనని తేల్చింది. అశ్వగంధ వంటి మన మూలికలపై జరిగినవి ఎక్కువగా చిన్న ప్రయోగాలు. పనిచేయవని తేలలేదు, పనిచేస్తాయని రూఢి కాలేదు. అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి కాబట్టి, కాలేయ జబ్బు ఉన్నవారు దాన్ని నిరపాయమనుకోవడానికి వీల్లేదు.

ప్రకటనలను ఎవరు ఆపాలి? ఆయుష్ మందుల ప్రకటనకు ముందే అనుమతి తీసుకోవాలన్న 170వ నియమాన్ని 2018లో చేర్చి, 2024 జులైలో కేంద్రం తొలగించింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును నిలిపివేసింది. 2025లో ఆ కేసు ముగియడంతో నిలిపివేతా పోయింది. 1954 చట్టం మాత్రం అమల్లోనే ఉంది. ముందస్తు అనుమతి లేకుండా, తప్పు జరిగాక పట్టుకునే పద్ధతి ఆన్‌లైన్ వేగానికి సరిపోతుందా అన్నది తేలని ప్రశ్న.

యువకుల మాటేమిటి? ఈ గుళికలు కొనేవారిలో నాళాల జబ్బేమీ లేని కుర్రవాళ్లు కూడా ఉన్నారు. ధాతువు పోతోందన్న భయంతో కుంగిపోయే మగవారి స్థితికి 1960లో మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. గోడ రాతలు ఆ భయం మీదే బతుకుతాయి. ఇలాంటివారికి కావలసింది గుళిక కాదు, ఒకటి రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడే వైద్యుడు. మన ప్రాథమిక వైద్యంలో ఆ మాటకు చోటెక్కడన్నది ఇంకా ఎవరూ జవాబివ్వని ప్రశ్న.

## చదువరులకు

వాదాలు తేలేలోపు పాటించదగినవి కొన్ని ఉన్నాయి. స్తంభన లోపం కొన్ని నెలలుగా ఉంటే మాత్రకన్నా ముందు బీపీ, రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఈ మూడు పరీక్షలకు సిగ్గుపడవలసిన పనే లేదు. నైట్రేట్లు వాడేవారు ఏ పేరుతో వచ్చినా లైంగిక శక్తి మందు ముట్టకూడదు. ఆయుర్వేదమే కావాలనుకుంటే అర్హత గల ఆయుర్వేద వైద్యుణ్ణి కలిసి, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, పదార్థాల జాబితా ఉన్న మందే తీసుకోండి. ఈ నంబర్లు కల్తీ లేదని రుజువు చేయవు గానీ, తేడా వస్తే పట్టుకోవడానికి ఒక మనిషిని చూపిస్తాయి. ఆహార భద్రతా నంబరు ఒక్కటే ఉంటే అది మందు కాదని తెలుసుకోండి.

ఇప్పటికే వేసుకుని ఉంటే, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, చెమటలతో తికమక, చూపు లేదా వినికిడి ఒక్కసారిగా తగ్గడం, నాలుగు గంటలు దాటినా తగ్గని స్తంభన, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఖాళీ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. మందు వికటించిన సంగతిని జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు ఎవరైనా చెప్పవచ్చు.

అన్నిటికన్నా ముందు, డాక్టరు అడిగినప్పుడు ‘మూలికల మందొకటి వేసుకున్నాను, ఫలానా సమయంలో’ అని చెప్పండి. సింగపూర్‌లో 150 మందిలో 45 మందే చెప్పిన మాట అది. ఆ ఒక్క వాక్యం సిగ్గుకన్నా విలువైనది, ఎందుకంటే డాక్టరు చేతిలోని తర్వాతి మందు ప్రాణం నిలబెడుతుందో తీస్తుందో తేల్చేది అదే.